కంటి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ చాట్: మాట అర్థం కానప్పుడు వెళ్లే జవాబులు

ఈ చాట్ చేయగలిగింది నాలుగు పనులే: కొత్త అపాయింట్‌మెంట్, తేదీ మార్పు, రద్దు, రిపోర్టు పంపడం. ఇంకేది వచ్చినా కింది జవాబుల్లో ఒకటి వెళ్లాలి. మనకు రాసేవాళ్లలో చాలామందికి అక్షరాలు సరిగా ఆనవు. కొందరైతే కంట్లో చుక్కలు వేయించుకుని, అంతా మసకగా కనబడుతుండగానే ఫోన్ పట్టుకుంటారు. అందుకే వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, ఎక్కడా "మళ్లీ వివరంగా రాయండి" అని లేదు. దయచేసి చేర్చవద్దు.

మొదటిసారి అర్థం కాకపోతే

> మీరు రాసింది ఈ ఆటోమేటిక్ చాట్‌కు అర్థం కాలేదండి. ఏం కావాలో నంబరు ఒక్కటి పంపితే చాలు.
> 1 కొత్త అపాయింట్‌మెంట్
> 2 తేదీ మార్చాలి
> 3 రద్దు చేయాలి
> 4 రిపోర్టు కావాలి
> 9 కంటికి ఇబ్బందిగా ఉంది
> 0 మనిషితో మాట్లాడాలి

"ఒకటి", "ఒకటో నంబరు" అన్నా, అదే మాట ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా 1గానే తీసుకోవాలి. 0 మొదటి జవాబులోనే ఉండాలి. మూడుసార్లు విసిగిపోయాక మనిషిని చూపించడం నాకు న్యాయంగా అనిపించదు.

అపాయింట్‌మెంట్ మధ్యలో రోజు తెలియకపోతే ("వచ్చే వారం ఎప్పుడైనా", "డ్యూటీ అయ్యాక" లాంటివి)

> కొత్త అపాయింట్‌మెంట్ అడిగారు, అది అలాగే ఉంది. ఏ రోజో మాత్రం తెలియలేదండి. వచ్చే వారం ఇవి ఖాళీ:
> 1 సోమవారం ఉదయం 9:30
> 2 బుధవారం మధ్యాహ్నం 3:00
> 3 శుక్రవారం సాయంత్రం 5:15
> వేరే రోజైతే ఇలా రాయండి: 18-6

అందాకా చెప్పిన పేరు, వయసు, డాక్టరు ఏవీ చెరిగిపోకూడదు. మొదటి మెనూకి తిప్పి పంపితే సగం మంది పనిని అక్కడే వదిలేస్తారని నా భయం. వాట్సాప్‌లో ఒక మెసేజ్‌కు జవాబు బటన్లు మూడే వస్తాయి, అందుకే మూడు సమయాలు.

రెండోసారీ అర్థం కాకపోతే

> క్షమించండి, ఇప్పుడూ అర్థం కాలేదు. మీరు మళ్లీ రాయక్కర్లేదు. ఇప్పటిదాకా రాసినదంతా కౌంటర్‌కు పంపాం. అక్కడివాళ్లు 15 నిమిషాల్లో ఇక్కడే జవాబిస్తారు. ఫోన్ చేయమంటే 5 పంపండి.

రాత్రి 8 దాటితే:

> క్షమించండి, ఇప్పుడూ అర్థం కాలేదు. మీరు రాసినదంతా కౌంటర్‌కు పంపాం. కౌంటర్ రేపు ఉదయం 8 గంటలకు తెరుస్తారు, 9 లోపు మీకు ఫోన్ వస్తుంది. ఈలోగా కంటికి ఇబ్బందిగా ఉంటే 9 పంపండి.

వాయిస్ మెసేజ్ వస్తే

> మీ వాయిస్ మెసేజ్ అందింది. చాట్ దాన్ని వినలేదు కాబట్టి కౌంటర్‌లో మనిషికి పంపాం, విని జవాబిస్తారు. అపాయింట్‌మెంట్ కోసమే అయితే 1 పంపండి, ఇప్పుడే అయిపోతుంది.

మందుల చీటీ ఫొటో వచ్చినా ఇదే, "వాయిస్ మెసేజ్" బదులు "ఫొటో", "వినలేదు" బదులు "చదవలేదు", "విని" బదులు "చూసి" అని మారుతుంది.

9 పంపినా, కంటి బాధ గురించి రాసినట్టు కనిపించినా

> కంట్లో రసాయనం పడిందా? ముందు శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగండి. తర్వాత వెంటనే రండి.
> చూపు హఠాత్తుగా తగ్గినా, మెరుపులూ నల్ల చుక్కలూ ఒక్కసారిగా పెరిగినా, తెర అడ్డొచ్చినట్టున్నా, దెబ్బ తగిలినా, నొప్పి తీవ్రంగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఎమర్జెన్సీ 24 గంటలూ తెరిచే ఉంటుంది.
> ఇవేవీ కాకపోతే 1 పంపండి, దగ్గర్లో ఖాళీ ఉన్న సమయం చూపిస్తాం.

దీన్ని రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. రసాయనం పడ్డ మనిషి ఒక కన్ను మూసుకుని చదువుతుంటారు, రెండో పేరా దాకా వస్తారన్న నమ్మకం లేదు. కాబట్టి నీళ్ల మాట ముందుండాలి. మెరుపులు, తెర అన్నవి రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చు, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. అందుకని "మంట", "ఎర్రగా", "కనబడట్లేదు" లాంటి మాటల్లో ఒక్కటి దొరికినా, తక్కినది అర్థం కాకపోయినా, "అర్థం కాలేదు" అన్న జవాబు వెళ్లకూడదు. పైన ఉన్న కంటి జవాబే వెళ్లాలి, అది అనవసరంగా ఒకసారి వెళ్లినా నష్టం లేదు.

ఇంటర్నెట్ లేక ఎస్సెమ్మెస్ పంపినవాళ్లకు

> అర్థం కాలేదండి. 1 కొత్తది 2 మార్పు 3 రద్దు 4 రిపోర్టు 9 నొప్పి 0 మనిషి

తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదాంట్లో 70 అక్షరాలే పడతాయి. గుణింతం గుర్తు, సున్నా, పొల్లు, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఇది సరిగ్గా 70. ఒక్క చుక్క చేర్చినా రెండు మెసేజ్‌లవుతుంది, కాబట్టి మార్చాలనుకుంటే ముందు నాకు చెప్పండి.