విషయం: 2025 డిసెంబర్ 31 నాటి లెడ్జర్‌లో సరిపోలని ఏడు పద్దులు – మీ వివరణ కోసం

తేదీ: 12-01-2026, హైదరాబాద్

అకౌంట్స్ మేనేజర్ గారికి, సప్లయర్ బిల్లులు చూసే మిత్రులకు,

నమస్కారం.

8వ తేదీన మీరు పంపిన లెడ్జర్ స్టేట్‌మెంట్ అందింది. దాన్ని మా పుస్తకాలతో 2025 ఏప్రిల్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు వరుసగా సరిచూశాం. ప్రారంభ నిల్వ ఉభయులం సంతకం చేసిన నిర్ధారణ పత్రం ప్రకారమే ఉంది. మిగతావన్నీ పైసాతో సహా సరిపోయాయి. ఏడు పద్దులు మాత్రం కలవలేదు. స్టేట్‌మెంట్ సరిపోలలేదని 9వ తేదీన మా ఆఫీసు నుంచి వచ్చిన రెండు లైన్ల మెయిల్‌కు బదులుగా దీన్నే పరిగణించండి. ఏ పద్దు, ఎంత, మా దగ్గర ఏ ఆధారం ఉంది, మీ నుంచి ఏం కావాలి అనేవన్నీ ఇందులోనే ఉన్నాయి. పాత మెయిల్‌కు విడిగా జవాబు అక్కర్లేదు.

మా లెడ్జర్ ప్రకారం మీ నుంచి రావలసింది రూ. 21,47,350. మీ లెడ్జర్ ప్రకారం మాకు ఇవ్వవలసింది రూ. 15,89,350. తేడా రూ. 5,58,000. అది ఇలా వచ్చింది:

| క్ర.సం. | పద్దు | తేడా (రూ.) |
|---|---|---|
| 1 | 17-12-2025 నెఫ్ట్ చెల్లింపు, మాకు అందలేదు | 1,26,000 |
| 2 | ఇన్వాయిస్ HYD/25-26/0618, మీ లెడ్జర్‌లో లేదు | 2,52,000 |
| 3 | ఇన్వాయిస్ HYD/25-26/0431, పన్ను రేటులో తేడా | 21,000 |
| 4 | మీ డెబిట్ నోట్ DN/089, మాకు ప్రతి అందలేదు | 18,900 |
| 5 | చెక్కు 004518, జనవరిలో జమ అయింది | 1,68,000 |
| 6 | టీడీఎస్, అక్టోబర్–డిసెంబర్ | 3,600 |
| 7 | మా క్రెడిట్ నోట్ CN/25-26/037, మీ లెడ్జర్‌లో లేదు | (–) 31,500 |
| | మొత్తం | 5,58,000 |

వీటిలో 5, 6 కేవలం తేదీల వల్ల వచ్చిన తేడాలు. అవి పోను, ఉభయులం కూర్చుని తేల్చవలసింది రూ. 3,86,400. అన్నిటికంటే ముందు మొదటి పద్దు చూడమని మనవి. మిగతావి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, అది మాత్రం ఆగకూడదు.

1. నెఫ్ట్ చెల్లింపు రూ. 1,26,000 (17-12-2025)

మీ లెడ్జర్‌లో ఈ పద్దు పక్కన వోచర్ నంబర్ 3346 ఉంది, యూటీఆర్ నంబర్ లేదు. మా ఇన్వాయిస్ HYD/25-26/0587 మొత్తం కూడా సరిగ్గా రూ. 1,26,000 కాబట్టి దాని కోసమే పంపి ఉంటారని అనుకుంటున్నాం. డిసెంబర్ 15 నుంచి జనవరి 10 వరకు మా బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాం. ఈ మొత్తం గానీ, దీన్ని కలుపుకొని వచ్చిన పెద్ద మొత్తం గానీ అందులో లేదు.

మూడు అవకాశాలు కనిపిస్తున్నాయి. వోచర్ రాసినా బ్యాంకులో చెల్లింపు విడుదల కాకపోయి ఉండవచ్చు. లేదా 2025 జూన్‌లో మేము మూసేసిన పాత ఖాతాకు వెళ్లి ఉండవచ్చు. అలా జరిగితే నెఫ్ట్ నిబంధన ప్రకారం ఆ బ్యాచ్ పూర్తయిన రెండు గంటల్లోనే డబ్బు వెనక్కి రావాలి. అంటే డిసెంబర్ 17 లేదా 18న మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తిరిగి జమ అయిన పద్దు ఉంటుంది. మూడోది, మరో సప్లయర్ ఖాతాకు చేరి ఉండవచ్చు.

మీ నుంచి కావలసినవి రెండు: 16 అక్షరాల యూటీఆర్, డబ్బు చేరిన ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు.

ఇంకొక మాట. ఖాతా మార్పు గురించి మేము పంపిన లేఖ ఒక్కటే, అది 06-06-2025 నాటిది. ఆ తర్వాత మా పేరుతో కొత్త ఖాతా నంబర్ చెబుతూ ఏ మెయిల్ వచ్చినా అది మాది కాదు. అలాంటి ఖాతాకు ఈ డబ్బు వెళ్లిందని తేలితే మాకు జవాబు రాసేవరకు ఆగకండి. వెంటనే మీ బ్యాంకుకు, 1930 సైబర్ సహాయ నంబరుకు ఫోన్ చేయండి. మా వైపు నుంచి ఏ కాగితం కావాలన్నా అదే రోజు ఇస్తాం.

2. ఇన్వాయిస్ HYD/25-26/0618, 29-11-2025, రూ. 2,52,000

12,000 పెట్టెలు, ఒక్కొక్కటి రూ. 20 చొప్పున రూ. 2,40,000, దానిపై 5 శాతం ఐజీఎస్టీ రూ. 12,000. సరుకు శనివారం జీడిమెట్ల నుంచి బయలుదేరింది. సోమవారం, డిసెంబర్ 1న, విజయవాడలో మీ స్టోర్స్‌లో దిగింది. డెలివరీ చలానా మీద మీ గేటు ముద్ర, ఇన్‌వర్డ్ నంబర్ 2217 ఉన్నాయి. ఆ ప్రతిని, ఈ-వే బిల్లును జతచేశాం.

సరుకు చేరిందన్న విషయంలో సందేహం లేదు కాబట్టి, బిల్లు స్టోర్స్ నుంచి అకౌంట్స్‌కు రాలేదా లేక పరిశీలనలో ఆగిందా అన్నది తెలియాలి. ఏదైనా అభ్యంతరంతో ఆపి ఉంటే ఆ కారణం ఒక్క లైనులో చెప్పండి. నవంబర్ జీఎస్టీఆర్-1లో దీన్ని చూపించాం, కాబట్టి డిసెంబర్ 14న తయారైన మీ జీఎస్టీఆర్-2బిలో ఉండాలి. అక్కడ కనిపించకపోతే అది కూడా తెలియజేయండి, మా వైపు సరిచూస్తాం.

3. ఇన్వాయిస్ HYD/25-26/0431, 20-09-2025, తేడా రూ. 21,000

అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబర్ 22న. ఈ సరుకు 20న ఇన్వాయిస్‌తో బయలుదేరి, సరిగ్గా 22న మీకు చేరింది. మేము రూ. 3,00,000 మీద 12 శాతం చొప్పున రూ. 3,36,000 వేశాం. మీ దగ్గర 5 శాతంతో రూ. 3,15,000గా నమోదైంది. చేరిన తేదీని బట్టి కొత్త రేటు వేసి ఉంటారు.

సీజీఎస్టీ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, రేటు మారకముందే సరఫరా చేసి, ఇన్వాయిస్ కూడా అప్పటికే ఇచ్చి, చెల్లింపు మాత్రం తర్వాత వస్తే ఇన్వాయిస్ తేదీ నాటి రేటే వర్తిస్తుంది. అందువల్ల మేము ప్రభుత్వానికి కట్టింది రూ. 36,000. మీ 2బిలోనూ అదే కనిపిస్తుంది. దీన్ని సరిచేసుకుంటే మీకు కూడా రూ. 21,000 ఇన్‌పుట్ క్రెడిట్ అదనంగా వస్తుంది. ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజులు మార్చి 19తో పూర్తవుతాయి. మిగిలిన రూ. 21,000 అప్పటికి చెల్లించకపోతే ఆ మేరకు క్రెడిట్ వెనక్కి తిప్పవలసి వస్తుంది కనుక, ఈ నెలలోనే సర్దుబాటు ఎంట్రీ వేయమని మా విన్నపం.

4. డెబిట్ నోట్ DN/089, 14-11-2025, రూ. 18,900

ఇది మా దృష్టికి వచ్చింది మీ లెడ్జర్‌లోనే. వివరంలో "తడిసిన పెట్టెలు 900" అని ఉంది. మొంథా తుపాను రోజున, అంటే అక్టోబర్ 28న, దిగిన లోడు గురించే అని అనుకుంటున్నాం. ఆ రోజు వాన ఎలా ఉందో మాకు తెలుసు. పెట్టెలు తడిశాయన్న మాటను మేము కాదనడం లేదు.

తేలవలసింది ఎక్కడ తడిశాయన్నదే. లారీలో తడిస్తే రవాణాదారుతో, బీమా కంపెనీతో మేము మాట్లాడాలి. దించాక యార్డులో తడిస్తే లెక్క వేరు. మా చలానా ప్రతి మీద మీ స్టోర్స్ వారు సరుకు సరిగా అందినట్టే సంతకం చేశారు, తడి గురించి ఏమీ రాయలేదు. కాబట్టి డెబిట్ నోట్ ప్రతి, మీ నాణ్యతా విభాగం తనిఖీ నివేదిక, ఆ రోజు తీసిన ఫొటోలు ఉంటే అవి పంపండి. ఆ పెట్టెలు ఇంకా ఉంటే పారేయకుండా ఉంచండి, మా మనిషి వచ్చి చూస్తారు.

లారీలోనే తడిశాయని తేలితే 900 పెట్టెలకూ పన్నుతో సహా క్రెడిట్ నోట్ ఇస్తాం, బీమా సొమ్ము వచ్చేదాకా మిమ్మల్ని ఆపం. మీ డెబిట్ నోట్ ఒక్కదానితో మా పన్ను తగ్గదు, 34వ సెక్షన్ ప్రకారం క్రెడిట్ నోట్ మేమే ఇవ్వాలి. అంతవరకు ఈ మొత్తాన్ని మా లెడ్జర్‌లో "పరిశీలనలో ఉంది" అని గుర్తుపెట్టి విడిగా ఉంచుతున్నాం, దీనిపై వసూలు ఒత్తిడి ఉండదు.

5. చెక్కు 004518, 29-12-2025, రూ. 1,68,000

జనవరి 2న పోస్టులో అందింది, 3న జమ అయింది. మీరు చేయవలసిందేమీ లేదు.

6. టీడీఎస్ రూ. 3,600

194క్యూ కింద అక్టోబర్‌లో 1,210, నవంబర్‌లో 1,340, డిసెంబర్‌లో 1,050 మినహాయించారు. ఈ ఏడాది కొనుగోళ్లు రూ. 50 లక్షలు దాటాక మీరు నమోదు చేసిన రూ. 36,00,000 మీద 0.1 శాతం లెక్క సరిగ్గా ఉంది, పన్ను కలపకుండానే తీశారు. 0618 బుక్ చేసినప్పుడు మరో రూ. 240 వస్తుంది. మూడో త్రైమాసికం 26క్యూ గడువు జనవరి 31. రిటర్న్ వేసే ముందు మా పాన్ నంబర్ ఒకసారి సరిచూడండి. 26ఏఎస్‌లో కనిపించగానే మా పుస్తకాల్లో ఎంట్రీ వేస్తాం.

7. క్రెడిట్ నోట్ CN/25-26/037, 10-12-2025, రూ. 31,500

ఇది మీకు రావలసినది. అక్టోబర్, నవంబర్ సరుకుపై ఒప్పుకున్న రేటు తగ్గింపు రూ. 30,000, దానిపై పన్ను రూ. 1,500. డిసెంబర్ జీఎస్టీఆర్-1లో చూపించాం, రిటర్న్ జనవరి 10న వేశాం. ఇప్పుడు మీ ఐఎంఎస్‌లో ఉంటుంది. మొత్తం సరిగా ఉంటే అక్కడ ఆమోదించి, లెడ్జర్‌లో తీసుకోండి. ఏదైనా తేడా కనిపిస్తే తిరస్కరించే ముందు ఒక ఫోన్ చేయండి. తిరస్కరిస్తే ఆ రూ. 1,500 తిరిగి మా పన్ను బాధ్యతకు చేరుతుంది.

సంక్రాంతి సెలవులు దృష్టిలో పెట్టుకుని, మొదటి పద్దుకు రేపటిలోగా, మిగతావాటికి జనవరి 20, మంగళవారం లోగా జవాబు ఇవ్వగలరు. అన్నీ ఒకేసారి తేలాలని లేదు, తేలినవి తేలినట్టే పైన ఉన్న క్రమసంఖ్య వేసి పంపితే చాలు. 2, 4 పద్దులకు మీ స్టోర్స్ వారితో కూడా మాట్లాడాలి కాబట్టి 21వ తేదీ ఉదయం 11 గంటలకు నేనే ఫోన్ చేస్తాను. ఆ సమయం కుదరకపోతే మీకు వీలైన సమయం చెప్పండి. అన్నీ తేలాక సవరించిన నిల్వతో నిర్ధారణ పత్రం మేమే తయారుచేసి సంతకానికి పంపుతాం.

ఈ విచారణ వల్ల కొత్త ఆర్డర్ల సరఫరా ఆగదు. ఆ విషయం మా డిస్పాచ్ విభాగానికి ఇప్పటికే చెప్పాం.

జతచేసినవి: మా లెడ్జర్ ఎక్సెల్ ప్రతి (సరిపోలని పద్దులకు పసుపు రంగు వేశాం), ఇన్వాయిస్‌లు 0431, 0587, 0618, గేటు ముద్ర ఉన్న డెలివరీ చలానాలు రెండు, 0618 ఈ-వే బిల్లు, క్రెడిట్ నోట్ 037, ఖాతా మార్పుపై జూన్ 6 నాటి లేఖ.

ధన్యవాదాలతో,

సీనియర్ అకౌంటెంట్
ఖాతాదారుల లెడ్జర్ విభాగం, జీడిమెట్ల