కేటలాగుతో పంపుతున్న లేఖ: మీ సకినాల ప్యాకింగు గురించి

వరంగల్,
10 నవంబర్ 2025

శ్రీమతి రాజేశ్వరి గారికి,
పిండివంటల తయారీ కేంద్రం, హన్మకొండ.

నమస్కారం.

ఈ లేఖతో మా ప్యాకింగ్ సామగ్రి కేటలాగు పంపుతున్నాను. అందులో నలభై పేజీలు ఉన్నాయి గానీ మీ పనికి వచ్చేవి 11, 12, 27 పేజీలు మాత్రమే కనుక వాటి దగ్గర చీటీలు అంటించాను. మిగతావి మిఠాయి దుకాణాలకు, కారం మిల్లులకు ఉద్దేశించినవి.

గత నెల దీపావళికి మీ దగ్గర కిలో సకినాలు, అరకిలో గరిజెలు తీసుకుని బెంగళూరులో ఉన్న మా చెల్లెలికి కొరియరులో పంపాను. రుచికి వంక పెట్టలేదు గానీ, సకినాల్లో సగానికి సగం చుట్లు విడిపోయి ముక్కలుగా చేరాయని చెప్పింది. సకినం బియ్యప్పిండితో చేసిన సన్నని చుట్టు కనుక పలుచని కవరులో ఒకదాని మీద ఒకటి వదులుగా పడి ఉంటే, దారిలో తగిలే ప్రతి కుదుపూ దాని మీదే పడుతుంది. బయట ఎంత మందపాటి అట్టపెట్టె వాడినా లోపల కదలిక ఆగనంత వరకు ఫలితం ఉండదు.

అందుకే 11వ పేజీలోని గుండ్రటి గూళ్ల ట్రేను ముందుగా చూడమని కోరుతున్నాను. ఒక్కో గూటిలో ఆరు సకినాలు దొంతిగా కూర్చుంటాయి, నాలుగు గూళ్లకు ఒక ట్రే. అయితే మీ సకినం వెడల్పు మా గూటి కంటే ఎక్కువైతే ఈ ట్రే మీకు పనికిరాదు కాబట్టి, కొనే ముందు నమూనాలో పెట్టి చూడండి.

12వ పేజీలోనివి లోపల వెండి రంగు పొర ఉన్న జిప్ కవర్లు. నూనెలో వేగిన పదార్థానికి గాలి, వెలుతురు రెండూ తగిలితే కమురు వాసన తొందరగా వస్తుంది. సరుకు కనబడుతుందని చాలామంది పారదర్శకమైన కవరే అడుగుతారు గానీ, విదేశాలకు వెళ్లే పార్శిళ్లకు అది మంచిది కాదని నా అభిప్రాయం. గాలి పూర్తిగా లాగేసే వాక్యూమ్ ప్యాకింగు కూడా మా దగ్గర ఉంది, కానీ దాన్ని మీకు సూచించను. కవరు బిగుసుకోగానే సకినాలు అక్కడికక్కడే నలిగిపోతాయి. మరొక మాట, మీకు తెలియనిది కాదు: వంట పూర్తిగా చల్లారకముందే సీలు వేస్తే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి, అప్పుడు ఎంత ఖరీదైన కవరూ కాపాడలేదు.

అరకిలో కవరు వెయ్యి తీసుకుంటే ఒక్కొక్కటి 7 రూపాయలు, ట్రే ఒక్కొక్కటి 5 రూపాయలు, పన్ను అదనం. కవరు మీదే మీ పేరు అచ్చు వేయించడానికి ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చేయించాలి, ఆ ఖర్చు గిట్టుబాటు కావాలంటే వేల సంఖ్యలో తీసుకోవలసి వస్తుంది. సకినాలు, గరిజెలు, మురుకులు, అరిసెలు అని మీ దగ్గర రకాలు ఎక్కువ కనుక, ప్రస్తుతానికి సాదా కవర్ల మీద 27వ పేజీలోని స్టిక్కర్లు అంటించుకోవడమే మేలు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల సంఖ్య, శాకాహారానికి గుర్తైన ఆకుపచ్చ చుక్క, పదార్థాల జాబితా, నికర బరువు, తయారీ తేదీ, గడువు తేదీ ఇవన్నీ పట్టేలా స్టిక్కరు నమూనా ఒకటి తెలుగు, ఇంగ్లిషు రెండింటిలో సిద్ధం చేసి జతపరిచాను. మొన్న నేను తీసుకున్న పొట్లం మీద తయారీ తేదీ కనబడలేదు. ఎక్కడ అమ్మే పొట్లం మీదైనా అది తప్పనిసరి.

సంక్రాంతి ఆర్డర్లు మీకు డిసెంబరు మొదటి వారం నుంచే మొదలవుతాయని అనుకుంటున్నాను. ఈ నెల 25లోగా చెబితే డిసెంబరు 5కల్లా సరుకు మీ ఇంటికి చేరుస్తాము. జనవరి 28 నుంచి మేడారం జాతర ఉన్నందున సంక్రాంతి తర్వాత లారీల మీద భరోసా ఉండదు, కాబట్టి జాతరకు వచ్చే బంధువుల కోసం అడిగేవారి సరుకును కూడా లెక్కలో వేసుకుని ఒకేసారి చెప్పడం మంచిది.

నాలుగు ట్రేలు, పది కవర్లు ఉచితంగా జతచేశాను. వాటిలో ప్యాక్ చేసి, నడుము ఎత్తు నుంచి రెండుసార్లు కింద పడేసి చూడండి. ఒక కవరును మాత్రం విప్పకుండా పది రోజులు పక్కన పెట్టి వాసన చూడండి. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు హన్మకొండ వైపు వస్తున్నాను, మీకు వీలైతే కలుస్తాను. ఆ వేళ పొయ్యి మీద పని ఉంటే కేటలాగు వెనక అట్ట మీద ఉన్న నంబరుకు ఒక్క మాట చెప్పండి, వేరే రోజు వస్తాను.

భవదీయుడు,
శ్రీనివాస్
ప్యాకింగ్ సామగ్రి వ్యాపారి,
స్టేషన్ రోడ్, వరంగల్