ఓటుకు డబ్బు తీసుకునేవాళ్ల లెక్క

ఎన్నికలు అయిన ప్రతిసారీ విశాఖలో ఒక మాట వినిపిస్తుంది: "వెయ్యి, రెండు వేలకు ఓటు అమ్ముకునేవాళ్లు ఉన్నంత కాలం ఇంతే." బీచ్ రోడ్డులో పొద్దున నడిచేవాళ్ల నుంచి ఆఫీసు క్యాంటీన్ల దాకా ఇదే తీర్పు. ఈ తీర్పు అన్యాయమని నా అభిప్రాయం. డబ్బు పంచడం నేరం, అందులో సందేహం లేదు. కానీ తీసుకున్నవాళ్లకు తెలివి లేదనడం మాత్రం అబద్ధం.

అరిలోవ కొండవాలులో ఉంటూ నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడ నాతో అన్న మాట ఇది: "డబ్బులు అన్ని పార్టీలోలూ ఇత్తారు బాబూ. రేత్రి మా ఆయనకి గుండెల్లో నొప్పొస్తే ఆటో పిలిచి కేజీహెచ్‌కి ఎవుడు తీసుకెల్తాడో, ఆడే మాకు కావాల." ఈ మాటలో కవరు విలువ చాలా తక్కువ. ఆవిడ చూసేది రాబోయే ఐదేళ్లు. ఇంటికి పట్టా లేదు, కుళాయి అందరిదీ, రేషన్ కార్డులో ఒక పేరు తప్పు. వీటిలో ఏ ఒక్కటీ దరఖాస్తు పెడితే దానంతట అది జరగదని ఆవిడకు తెలుసు. ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేసే వార్డు నాయకుడితో తెగతెంపులు చేసుకోవడం ఆవిడకు చాలా ఖరీదైన పని.

అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్ చుట్టుపక్కల పేదవాడల్లో పెరోనిస్టు పార్టీకి ఇలాంటి మనుషులే ఉంటారు. మందులు, తిండి సామాన్లు, సర్కారు పని, అన్నీ వాళ్ల ద్వారానే నడుస్తాయి. అక్కడి పరిశోధనల్లో తేలిందేమిటంటే, సాయం అందుకునేవాళ్లు దాన్ని లంచంగా చూడరు, తమను పట్టించుకునే మనిషితో ఉన్న బంధంగా చూస్తారు. అయితే ఆ మనిషికి ఎవరు ఎటు ఓటేశారో ఊహించేంత దగ్గరి పరిచయం ఉంటుంది కాబట్టి, ఆ బంధంలో భయం కూడా ఉంటుంది. రెండూ నిజమే.

ఫిలిప్పీన్స్‌లో 1980ల్లో కార్డినల్ హైమే సిన్ డబ్బు తీసుకున్నా మనస్సాక్షి ప్రకారమే ఓటు వేయమని జనానికి చెప్పారు. మన దగ్గర ఏ మతపెద్దా చెప్పకుండానే చాలామంది చేస్తున్నది అదే. రహస్య ఓటు ఉన్నచోట రెండు పార్టీల కవర్లూ తీసుకుని మూడో లెక్కతో ఓటేయవచ్చు. మరి అభ్యర్థులు ఎందుకు పంచుతారు? అవతలివాడు పంచితే తాను పంచకపోవడం 'మమ్మల్ని లెక్కచేయలేదు' అన్న అవమానంగా మారుతుందన్న భయంతో. డబ్బు గెలిపించకపోయినా, ఇవ్వకపోతే ఓడిపోతామన్న టెన్షన్ మాత్రం గట్టిది.

పశ్చిమాఫ్రికాలోని బెనిన్‌లో 2001 అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్లలో 'మీ ప్రాంతానికి ఇది చేస్తాం' అన్న ప్రచారం, మరికొన్నింటిలో దేశానికంతటికీ పనికొచ్చే విధానాల ప్రచారం. మొత్తం మీద మొదటిదే ఎక్కువ పనిచేసింది. కానీ విధానాల మాటకు మగవాళ్ల కంటే ఆడవాళ్లు బాగా స్పందించారు. నాకు ఇందులో కనిపించేది ఇదే: పంపకాల్లో తన వంతు చేతికందని మనిషికి అందరికీ వర్తించే రూలే లాభం.

మెక్సికో ఆ రూలు దారి పట్టింది. 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకంలో లబ్ధిదారులను సర్వేతో, ఒక సూత్రం ప్రకారం ఎంచుకున్నారు. నగదు నేరుగా తల్లులకే ఇచ్చారు. మధ్యవర్తి చేతిలో పేరు చేర్చే, తీసేసే అధికారం తగ్గింది.

మన రాష్ట్రం ఈ రెండు దారుల మధ్య ఊగుతోంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం కార్డున్న ఎవరికైనా దక్కేది, అదొక హక్కులా మారింది. 2019లో వాలంటీర్లు వచ్చాక పింఛను ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ముసలివాళ్లకు ఇది ఎంత సుఖమో నేను చూశాను. కానీ దాదాపు యాభై ఇళ్ల సంగతులన్నీ తెలిసిన ఒక మనిషి కూడా ఆ వెంటే వచ్చాడు. 2024 ఎన్నికల ముందు వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది అందుకే. ఆ ఏడాది జులై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇంటికొచ్చి ఇస్తున్నారు. మధ్యలో కొన్ని నెలలు తప్ప, మనిషి మారాడు కానీ ఇంటికి రావడం ఆగలేదు. ప్రభుత్వం మారినా పింఛను ఆగదని తెలిసిన ముసలామె ఓటు ఇంకొంచెం స్వేచ్ఛగా వేస్తుంది.

విశాఖ విషయంలో ఇంకొకటి ఉంది. 2007 తర్వాత జీవీఎంసీ ఎన్నికలు మళ్లీ 2021 మార్చిలోనే జరిగాయి. మధ్యలో ఏళ్ల తరబడి నగరానికి కార్పొరేటర్లే లేరు. ఓటేసి నిలదీయడానికి మనిషి లేనప్పుడు కాలువ పూడిక తీయించమని ఎవరిని అడగాలి? పలుకుబడి ఉన్న మధ్యవర్తినే. ఆ ఖాళీని సృష్టించింది కొండవాలు జనం కాదు.

ఇక బూత్ లెక్క. మెషిన్లను బూత్‌లవారీగా లెక్కిస్తారు కాబట్టి ఏ కాలనీ ఎటు వేసిందో నాయకులకు తెలిసిపోతుంది. మనిషి ఓటు రహస్యమే, వాడ ఓటు రహస్యం కాదు. అనేక బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం ఎప్పుడో ప్రతిపాదించింది. పేదలకు నీతులు చెప్పేవాళ్లు ముందు దాన్ని తెమ్మని అడగాలి. మా వాడకు నీళ్లు ఆపేస్తారేమోనన్న భయం పోతే, అరిలోవ ఆవిడ చేతిలో కవరు ఉన్నా లేకున్నా ఓటు ఆవిడదే.