రేపు అప్పు

కాల్ అయిపోయింది. తెరమీద ఉన్న తొమ్మిది ముఖాలూ ఒక్కొక్కటే ఆరిపోయి, చివరికి మాల్యాద్రి ముఖం ఒక్కటే మిగిలింది. దాని కింద, ఈ కాల్‌లో మీరొక్కరే ఉన్నారని చిన్న అక్షరాలతో వచ్చింది. అయినా అతను కదల్లేదు. హెడ్‌సెట్ తీయలేదు. జుట్టు ఒకసారి సర్దుకుని, కెమెరా వైపు చూస్తూ కూర్చున్నాడు.

క్లయింటు వైపు బ్రయన్ సర్కిల్ బ్యాక్ అన్నాడు కదా మరి. వరసగా అందరూ మాట్లాడారు, రౌండు పూర్తయింది. ఇప్పుడు మళ్ళీ తిరిగి తన దగ్గరికి రావాలి. అదీ అతని లెక్క.

ఎనిమిది పది దాటాక హౌస్‌కీపింగ్ అతను వచ్చి, "సార్, ఈ వైపు ఏసీ బంద్ చేస్తున్న" అని చెప్పి వెళ్ళిపోయాడు.

హైదరాబాద్ రాయదుర్గంలో ఆ ఆఫీసులో చేరి నెల దాటింది. మొదటి వారంలోనే ఈ మాట చెవిన పడింది. సర్వర్ యాక్సెస్ ఎప్పుడొస్తుందని అడిగితే మేనేజర్ సతీష్ గారు, "దాని గురించి సర్కిల్ బ్యాక్ అవుదాం" అన్నారు. మాల్యాద్రికి తెలిసిన సర్కిళ్ళు వేరు. కందుకూరులో ఆటోలు తిరిగే సర్కిల్, స్టేషన్‌లో కూర్చునే సర్కిల్ ఇన్‌స్పెక్టర్, డేటా స్ట్రక్చర్స్ పేపర్లో వచ్చే సర్క్యులర్ లింక్డ్ లిస్టు. ఇక బ్యాక్ అంటే ఇంజనీరింగ్ చదివిన ఎవరికైనా మొదట గుర్తొచ్చేది తప్పిన సబ్జెక్టే. రెండూ కలిపితే ఏమవుతుందో తెలియలేదు. హాస్టల్ గదిలో డిక్షనరీ చూస్తే గుండ్రంగా తిరిగి మొదలైన చోటికి రావడం అని ఉంది. నోట్‌బుక్‌లో అలాగే రాసుకుని, పక్కన ఒక సున్నా గీసి, దానికి బాణం గుర్తు పెట్టాడు. యాక్సెస్ మాత్రం పన్నెండో రోజున, తనే మళ్ళీ వెళ్ళి అడిగితే వచ్చింది. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

అసలు తంటా ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. క్లయింటు వాళ్ళ అకౌంట్స్ విభాగానికి రోజూ తెల్లవారుజామున ఒక రిపోర్టు వెళ్ళాలి. దాన్ని పంపే జాబు షెడ్యూలర్‌లో ఇలా ఉంది:

```
TZ=America/New_York
30 2 * * *
```

రోజూ న్యూయార్క్ సమయం 2:30కి అన్నమాట. పాత లాగ్‌లు చూసి పని నేర్చుకో అన్నారని మాల్యాద్రి నిజంగానే కూర్చుని చూశాడు. కొత్తవాళ్ళు తప్ప ఎవరూ చేయని పని అది. నిరుడు మార్చి 8న రిపోర్టు వెళ్ళింది. 10న వెళ్ళింది. 9న లేదు. ఎర్రర్ కూడా లేదు. ఆ రోజంటూ లేనట్టే ఉంది.

క్యాలెండర్ తీస్తే అది మార్చిలో రెండో ఆదివారం. అమెరికాలో ఆ రోజు తెల్లవారుజామున రెండు కొట్టగానే గడియారాలు మూడుకి జరుపుతారు. అంటే రెండున్నర అనేదే రాదు. రాని సమయం కోసం జాబు ఎదురుచూసి ఊరుకుంది. ఆదివారం కావడంతో ఎవరూ అడగలేదు. ఈ ఏడాది ఆ ఆదివారం మార్చి 8న పడుతోంది. ఈసారి అది ఫిబ్రవరి లెక్కలు మూసే వారాంతం కూడా.

టెస్ట్ మెషీన్‌లో తేదీ మార్చి మార్చి నాలుగుసార్లు చూసుకున్నాడు. నాలుగుసార్లూ జాబు నడవలేదు. ఆ మంగళవారం రాత్రి ఏడున్నర కాల్‌లో, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, ముందే రాసుకున్న ఇంగ్లీషు చూసి చదివాడు. 3:30కి మారిస్తే సరిపోతుంది, కానీ రిపోర్టు గంట ఆలస్యమవుతుంది, ఫరవాలేదా?

బ్రయన్ బాగా మెచ్చుకున్నాడు. "గ్రేట్ క్యాచ్! లెట్స్ సర్కిల్ బ్యాక్ ఆన్ దిస్" అన్నాడు. మాల్యాద్రి ఆ రాత్రి హాస్టల్లో రెండు ఆమ్లెట్లు తెప్పించుకున్నాడు.

వారం గడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో వారం. ఫిబ్రవరి 24న ధైర్యం చేసి మళ్ళీ అడిగితే, "ఓ యెస్, వీ షుడ్ సర్కిల్ బ్యాక్" అన్నాడు బ్రయన్, అంతే ఉత్సాహంగా. అందుకే ఇవాళ ఖాళీ కాల్‌లో కూర్చున్నాడు.

"ఏంది తమ్మీ, ఎవరి కోసం చూస్తున్నవ్?"

వెనక రజిత నిలబడి ఉంది. భుజాన బ్యాగు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. ఈ ప్రాజెక్టులో ఆరేళ్ళుగా ఉన్న మనిషి. కరీంనగర్. మొదటిరోజు 'మేడమ్' అంటే, "అక్కా అను చాలు, లేకుంటే పలకను" అని తేల్చి చెప్పింది.

"బ్రయన్ సర్కిల్ బ్యాక్ అన్నాడక్కా."

"అయితే?"

"తిరిగి వస్తాడేమోనని."

రజిత తెరవైపు చూసింది. ఒక్క ముఖం. నీట్‌గా దువ్విన జుట్టు. నవ్వు ఆపుకోవడానికి టిఫిన్ డబ్బా నోటికి అడ్డం పెట్టుకుంది గానీ లాభం లేకపోయింది.

"మూయ్ ముందు. చాయ్ తాగుదాం పా."

గేటు బయట బండి దగ్గర రెండు అల్లం చాయ్‌లు చెప్పింది. కాగితం కప్పు అంచు పట్టుకుని ఊదుతూ మొదలుపెట్టింది.

"సర్కిల్ బ్యాక్ అంటే ఏం లేదురా. మళ్ళ మాట్లాడుకుందాం అని. అంతే."

"ఎప్పుడు?"

"అది చెప్పలే కదా."

"ఎవరు మాట్లాడాలి?"

"అదీ చెప్పలే. అందుకే ఆ మాట అంత మంచిగుంటది అందరికి. కాదు అన్నట్టు ఉండదు, అవును అన్నట్టు ఉండదు. ఎదుటోడు బాధపడడు." ఒక గుక్క తాగింది. "నా ప్రమోషన్ గురించి సర్కిల్ బ్యాక్ అయితమని రెండేండ్ల కింద అన్నరు. ఔటర్ రింగ్ రోడ్డే 158 కిలోమీటర్లు. అది తిరిగొచ్చినా ఈపాటికి వస్తుండె."

మాల్యాద్రి నవ్వలేదు. ఏదో గుర్తొచ్చినట్టు కప్పు పక్కన పెట్టాడు.

"అక్కా, ఇది మా కొట్లో బోర్డు."

"ఏం బోర్డు?"

కందుకూరులో వాళ్ళ నాన్నది కిరాణా కొట్టు. గల్లాపెట్టె మీద, లక్ష్మీదేవి పటానికి కొంచెం కింద, పచ్చ రేకు మీద ఎర్ర అక్షరాలు: నేడు నగదు, రేపు అప్పు. చిన్నప్పుడు మాల్యాద్రి ఆ బోర్డు చూసే అక్షరాలు కూడబలుక్కున్నాడు. ఒకరోజు ఎవరో ముసలాయన నిజంగానే మర్నాడు పొద్దున్నే సంచి పట్టుకుని వచ్చి, "ఇయ్యాల అప్పిస్తావు గదా శెట్టీ, నిన్న రేపని రాసుంది" అన్నాడు. నాన్న బోర్డు వైపు వేలు చూపించాడు. ముసలాయన మళ్ళీ చదివాడు. ఈరోజు కూడా రేపనే ఉంది.

రజిత ఈసారి చాయ్ ఒలకబోసుకుంది.

"మా మాలకొండ స్వామే నయం అక్కా. శనివారం ఒక్కరోజే అయినా తలుపు తీస్తాడు. రోజు తెలుసు కాబట్టి జనం వెళ్తారు."

"అగో, అదే. దొరికింది నీకు." కర్చీఫుతో చెయ్యి తుడుచుకుంది. "రోజు పేరు ఉంటే నమ్ము. గురువారం సర్కిల్ బ్యాక్ అన్నడనుకో, గురువారం నిజంగనే మాట్లాడతడు. మనిషి పేరు ఉన్నా నమ్ము. రెండూ లేకుంటే మీ నాయిన బోర్డు. అయితే ఇంకో మాట. మీ నాయిన ఎవ్వరికీ అప్పు ఇయ్యడా?"

"ఎందుకివ్వడు? సగం ఊరు బాకీనే. బోర్డు తెలియనివాళ్ళకి. తెలిసినవాళ్ళు నేరుగా వెళ్ళి, ఫలానా తారీకున ఇస్తానని చెప్పి, ఖాతా పుస్తకంలో రాయించుకుని పోతారు."

"మరి నువ్వు బోర్డు చదివి ఇంటికి పోయినవ్."

అటు వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగి, వీళ్ళు ఎక్కరని తెలుసుకుని వెళ్ళిపోయింది.

"బ్రయన్ చెడ్డోడు కాదు. గ్రేట్ క్యాచ్ అన్నది అబద్ధం కాదు. రిపోర్టు గంట లేటయితే నడుస్తదో లేదో ఆయనకు తెల్వదు. అకౌంట్స్ వాళ్ళను అడగాలె. ఈ కాల్ దిగినంక ఇంకో ఐదు కాల్స్ ఎక్కాలె ఆయన. నీ ముచ్చట జారిపోయింది. ఇక్కడ తిరగాల్సింది అన్నోడు కాదు తమ్మీ, అడిగినోడు."

ఆ రాత్రే హాస్టల్ మంచం మీద కూర్చుని మెయిల్ రాశాడు. మొదట రాసింది నాలుగు పేరాలు. రజితకి పంపితే మూడు కొట్టేసి తిప్పి పంపింది. చివరికి మిగిలినవి ఐదు వాక్యాలు. మార్చి 8న 2:30 ఉండదు. నిరుడు ఇందువల్లే ఒక రిపోర్టు పోయింది, లాగ్ జతచేశాను. 3:30కి మారిస్తే ఆ రోజే కాదు, నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పిన రోజు కూడా ఇబ్బంది ఉండదు. మార్చి 3 మంగళవారం కాల్‌లో దీనికి ఐదు నిమిషాలు అడుగుతున్నాను. ఆరింటిలోపు రిపోర్టు అందితే చాలో కాదో అకౌంట్స్ వాళ్ళని కనుక్కుని వస్తారా?

పంపే ముందు నాలుగో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. కొత్తగా చేరినవాడు క్లయింటుకి రోజు చెప్పడమేమిటని. సతీష్ గారిని కాపీలో పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కాడు.

పొద్దున లేచేసరికి జవాబు ఉంది. ఆరింటిలోపు అయితే చాలట, అకౌంట్స్ వాళ్ళు అసలు ఏడింటి దాకా తెరవరట. కాల్ అక్కర్లేదు, మార్చేయమన్నాడు. మొత్తం రెండు లైన్లు. కింద సతీష్ గారు ఒక బొటనవేలు పెట్టారు.

ఆదివారం మార్చి 8న మాల్యాద్రి ఎవరూ చెప్పకుండానే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. న్యూయార్క్‌లో మూడున్నర, ఇక్కడ మధ్యాహ్నం ఒంటి గంట. హాస్టల్లో ఆదివారం బిర్యానీ, ప్లేటు ఒళ్ళో ఉంది. లాగ్‌లో ఒక పచ్చ లైను పడింది. ఫోటో తీసి రజితకి పంపాడు. ఆమె ఉత్త నమస్కారం బొమ్మ పెట్టింది.

మర్నాటి నుంచి కాల్ ఏడున్నరకి కాదు, ఆరున్నరకే వచ్చింది. అక్కడ గడియారాలు మారాయి కదా. ఏడుంబావుకల్లా ఆఫీసు బయట పడి నడుస్తుంటే నాన్న ఫోన్.

"ఉగాదికి వస్తున్నావా?"

కొత్త ఉద్యోగం, సెలవు అడగాలంటే మొహమాటం. "చూద్దాం నాన్నా" అన్నాడు.

అవతల తక్కెడలో రాయి పెట్టిన చప్పుడు. ఎవరికో అరకిలో కందిపప్పు కట్టిస్తున్నట్టున్నాడు. 

"ఒరే, చూద్దాం అనే మాట ముప్పై ఏళ్ళ నుంచీ నేను జనానికి చెబుతున్నాను. నాకే చెబుతావా? ఏ రోజు వస్తావో చెప్పు, మీ అమ్మ బొబ్బట్లకి పప్పు నానబెట్టుకోవాలి."

మాల్యాద్రి ఫుట్‌పాత్ మీద పక్కకి జరిగి, ఫోన్ చెవిమీంచి తీయకుండానే బస్సుల ఆప్ తెరిచాడు.

"18 బుధవారం రాత్రి బస్సు నాన్నా. కిటికీ పక్క సీటు. తెల్లారి ఐదున్నరకి స్టాండులో దిగుతాను."

"ఆఁ," అన్నాడు నాన్న. పెన్ను కోసం వెతుక్కుంటున్న చప్పుడు. "ఉండు, పుస్తకంలో రాసుకోనీ."