రెమిటెన్స్ అడ్వైస్‌లో తప్పుగా పడిన పర్పస్ కోడ్, లబ్ధిదారు పేరు సరిచేయాలని బ్యాంకుకు ఉత్తరం

దుబాయ్,
3 ఆగస్టు 2025, ఆదివారం

నుంచి:
బండారి రమేశ్,
ఏసీ టెక్నీషియన్, కంపెనీ క్యాంపు, సోనాపూర్, దుబాయ్.
సొంతూరు: బండలింగాపూర్, మెట్‌పల్లి మండలం, జగిత్యాల జిల్లా.

బ్రాంచి మేనేజర్ గారికి,
మెట్‌పల్లి శాఖ.

విషయం: మా అమ్మ బండారి లక్ష్మి గారి సేవింగ్స్ ఖాతాకు (చివరి నాలుగు అంకెలు 4417) నేను పంపిన 12,000 దిర్హాములకు మీరిచ్చిన అడ్వైస్‌లో పర్పస్ కోడ్, లబ్ధిదారు పేరు, చిరునామా సరిచేయడం గురించి.

సూచిక: అడ్వైస్ నంబరు IRA/0725/0318, తేదీ 16-07-2025. మా దుబాయ్ బ్యాంకు రిఫరెన్స్ FT25195K0472, తేదీ 14-07-2025.

సార్, నమస్కారం.

ముందే ఒక మాట. డబ్బు అమ్మ ఖాతాలోనే పడింది, ఒక్క పైసా తేడా లేదు. 12,000 దిర్హాములు 23.18 రేటుకు 2,78,160 రూపాయలు. అందులో జీఎస్టీ 340.34 పోను 2,77,819.66 జూలై 15న జమైంది. లెక్క నేనూ వేసి చూసుకున్నాను, సరిపోయింది. తప్పంతా మరుసటి రోజు మీరిచ్చిన కాగితంలో ఉంది. పేరు కలవలేదని ఆ డబ్బును హోల్డ్‌లో పెట్టడం గానీ, దుబాయ్‌కి వెనక్కి పంపడం గానీ చేయవద్దని మొదటే వేడుకుంటున్నాను. వెనక్కి వస్తే రేటులో, ఛార్జీల్లో నష్టపోయేది మేమే.

అడ్వైస్‌లో పడిన తప్పులు ఇవి.

లబ్ధిదారు పేరు దగ్గర BANDARI LAXMAN అని ఉంది. అమ్మ పేరు BANDARI LAXMI. పాస్‌బుక్, ఆధార్, పాన్ మూడింట్లోనూ అదే పేరు. ఊళ్లో అందరూ లచ్చవ్వ అని పిలుస్తారు గానీ కాగితాల మీద ఎక్కడా లక్ష్మి తప్ప ఇంకో పేరు లేదు. పేరు కింద చిరునామాలో మెట్‌పల్లి మెయిన్ రోడ్డులోని ఒక దుకాణం ఉంది. మాకు మెట్‌పల్లిలో దుకాణమే లేదు. ఖాతా నంబరు మాత్రం అమ్మదే, అన్ని అంకెలూ సరిగా ఉన్నాయి.

ఇక డబ్బు ఎందుకు వచ్చిందన్న చోట P1006 అని, బిజినెస్ అండ్ మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ అని రాసి ఉంది. మా అమ్మకు అరవై ఒక్క ఏళ్లు. బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఆమె దుబాయ్ కంపెనీకి మేనేజ్‌మెంట్ సలహాలు ఇచ్చి ఫీజు తీసుకున్నట్టు ఆ కాగితం చెబుతోంది. ఫోన్‌లో ఈ సంగతి చెబితే నవ్వింది గానీ, సార్, లోన్ ఇచ్చే ఆఫీసరు నవ్వలేదు.

నేను పంపింది ఇంటి ఖర్చులకు, ఇల్లు కట్టుకోవడానికి. ఆరేళ్లు చేసిన పాత కంపెనీ మానేసినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ 8,100 దిర్హాములు, నేను దాచుకున్నవి 3,900, రెండూ కలిపి పంపాను. యాప్‌లో కారణం అడిగిన చోట FAMILY MAINTENANCE అని ఎంచుకున్నాను. దీనికి రావలసిన కోడ్ P1301, అంటే విదేశంలో ఉన్న భారతీయులు కుటుంబ పోషణకు, పొదుపుకు పంపే డబ్బు. గ్రాట్యుటీ అన్నాను కదా అని ఉద్యోగుల జీతభత్యాల కోడ్ P1401 వేయవద్దని మనవి. గ్రాట్యుటీ కంపెనీ నుంచి నా దుబాయ్ ఖాతాకు వచ్చింది. అక్కడి నుంచి కొడుకుగా నేను మా అమ్మకు పంపాను. అమ్మకు ఏ కంపెనీ జీతం ఇవ్వలేదు.

ఈ తప్పు ఎలా బయటపడిందో కూడా చెప్పాలి. 16న తమ్ముడు మహేశ్ అడ్వైస్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, డ్యూటీ దిగి వచ్చి బెడ్ మీద పడుకుని చూశాను. అందరిలాగే నేనూ మొదట అంకెలే చూశాను, అవి సరిగ్గా ఉండేసరికి ఫోన్ పక్కన పెట్టేశాను. పేరు LAXMA దాకా వచ్చి రెండో లైన్లోకి విరిగి, చివరి N ఒక్కటే కింద పడి ఉంది. నా కంటికి అది ఆనలేదు. జూలై 22న హౌసింగ్ లోన్ కోసం వేరే బ్యాంకుకు వెళ్తే అక్కడి ఆఫీసరు దాని మీద వేలు పెట్టి అడిగాడట, "ఈ లక్ష్మణ్ ఎవరు?" అని. లోన్ అమ్మ పేరు మీద, తమ్ముడి పేరు మీద కలిపి తీసుకుంటున్నారు. మార్జిన్ మనీ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించడానికి మా దగ్గరున్న ఆధారం ఈ అడ్వైసే. పేరేమో వేరే మనిషిది, కారణమేమో కన్సల్టెన్సీ. అది ఆదాయమైతే రిటర్న్‌లో చూపించారా అని కూడా అడిగాడు. కొడుకు తల్లికి పంపిన డబ్బు ఆమెకు ఆదాయం కాదు. కన్సల్టెన్సీ ఫీజయితే లెక్క వేరు. ఒక్క కోడ్ మారితే ఇంత తేడా వస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది.

జూలై 24న అమ్మ, తమ్ముడు మీ బ్రాంచికి వచ్చారు. కౌంటర్‌లో ఉన్నవారు, పంపిన బ్యాంకు నుంచే ఇలా వచ్చి ఉంటుంది, అక్కడి నుంచి సవరణ మెసేజ్ తెప్పించండి అన్నారు. వారిని తప్పు పట్టడం లేదు, లైన్‌లో జనం బాగా ఉన్నారట. నేను వెంటనే ఇక్కడి బ్యాంకును అడిగాను. జూలై 30న వాళ్లు స్విఫ్ట్ మెసేజ్ కాపీ ఇచ్చారు. అందులో మనకు కావలసినవి మూడే లైన్లు, ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు తప్ప దాచి ఇక్కడ రాస్తున్నాను:

```
:59:/XXXXXXX4417
BANDARI LAXMI
:70:FAMILY MAINTENANCE
```

అంటే దుబాయ్‌లో బయలుదేరినప్పుడు పేరు, కారణం రెండూ సరిగానే ఉన్నాయి. మా బ్యాంకువాళ్లు, మేము సరిగ్గా పంపినదానికి సవరణ ఏమని పంపాలి అంటున్నారు. వాళ్ల మాటా నిజమే కదా సార్. పర్పస్ కోడ్ వేయడం, అడ్వైస్ ప్రింట్ తీయడం మన దేశంలో, మీ వైపు జరిగే పని కాబట్టి సరిచేయడం కూడా మీ చేతుల్లోనే ఉందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంకో అనుమానం కూడా చెప్పనివ్వండి. పేరు ఒక్కటే మారితే టైపింగ్ తప్పు అనుకునేవాణ్ని. పేరు, దుకాణం చిరునామా, కన్సల్టెన్సీ కోడ్ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. బండారి లక్ష్మణ్ అనే ఆయన మీ ఖాతాదారు అయి ఉండి, అదే రోజుల్లో ఆయనకూ విదేశాల నుంచి డబ్బు వచ్చి ఉంటే, ఆయన వివరాలు మా అడ్వైస్‌లోకి వచ్చి ఉండొచ్చు. అలాగైతే ఆయన కాగితంలో మా అమ్మ పేరు పడి ఉండే అవకాశం కూడా ఉంది. ఆయన వివరాలు నాకు అక్కర్లేదు. మీరే ఒకసారి చూసుకుంటే మంచిది, పాపం ఆయనకూ ఎక్కడో పని ఆగి ఉండొచ్చు.

మీరు చేయవలసిందిగా కోరేది ఇది. పాత అడ్వైస్‌ను రద్దు చేసి, అదే లావాదేవీకి, అదే తేదీ, అదే మొత్తంతో, లబ్ధిదారు BANDARI LAXMI, చిరునామా పాస్‌బుక్‌లో ఉన్న బండలింగాపూర్ ఇల్లు, పర్పస్ కోడ్ P1301 అని కొత్త అడ్వైస్ ఇవ్వండి. ఇది 16-07-2025 నాటి దాని స్థానంలో ఇచ్చినదని దాని మీదే ఒక లైను ఉంటే లోన్ ఆఫీసులో మళ్లీ ప్రశ్న రాదు. పెన్నుతో కొట్టేసి సంతకం పెట్టి ఇస్తే మాత్రం వాళ్లు తీసుకోబోమని ముందే చెప్పారు. కాగితం మారి మీ సిస్టంలో పాత కోడే ఉండిపోతే ఎప్పుడో మళ్లీ ఇదే గొడవ వస్తుంది. కాబట్టి మీ రికార్డులోనూ, విదేశీ మారకం లావాదేవీల గురించి రిజర్వ్ బ్యాంకుకు మీరు పంపే వివరాల్లోనూ దీన్ని సరిచేయండి. ఈ పని మీ బ్రాంచిలో కాకుండా ఫారెక్స్ విభాగంలో జరిగేదైతే, దయచేసి ఈ ఉత్తరాన్ని మీరే అక్కడికి పంపి, పంపిన తేదీ మాకు చెప్పండి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆటోలో వచ్చి వెళ్లడానికే ఒక పూట పడుతుంది.

తొందరకు కారణం ఉంది సార్. లోన్ శాంక్షన్ గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. పిల్లర్లు లేచి నెల దాటింది, పైకి వదిలిన ఇనుము వానకు తడిసి ఎర్రబడుతోంది. ఆగస్టు 14 లోపల కొత్త అడ్వైస్ వస్తే మిగతా పని నడుస్తుంది. ఆ లోపల కుదరకపోతే, తప్పు గుర్తించాం, సరిచేస్తున్నాం అని బ్రాంచి ముద్రతో ఒక చిన్న ఉత్తరం ఇచ్చినా సరే, అది చూపించి గడువు పెంచమని అడుగుతాం.

ఖాతాదారు అమ్మ కాబట్టి ఆమె సంతకంతో విడిగా అర్జీ జతచేశాను. కొత్త అడ్వైస్‌ను తమ్ముడు బండారి మహేశ్‌కు ఇవ్వడానికి అందులో ఒప్పుకుంది. మహేశ్ తన ఆధార్ ఒరిజినల్ తెచ్చి చూపిస్తాడు. ఈ ఉత్తరం ప్రింట్ మీకు ఇచ్చేది కూడా అతనే, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేసి ఇప్పించండి.

నాతో మాట్లాడాల్సి వస్తే మధ్యాహ్నం చేయండి. సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ ఎండకు 12:30 నుంచి 3 గంటల వరకు బయట పని ఆపేస్తారు. అంటే మన టైం 2 నుంచి 4:30. మిగతా వేళల్లో బిల్డింగుల పైన ఏసీ యూనిట్ల దగ్గర ఉంటాను, ఫోన్ మోగినా వినపడదు. ఈ-మెయిల్ అయితే ఈ ఉత్తరం వచ్చిన ఐడీకే జవాబు ఇవ్వండి, రాత్రికి చూసుకుంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
(సంతకం)
బండారి రమేశ్

జతపరచినవి: 16-07-2025 నాటి అడ్వైస్ జిరాక్స్, తప్పులున్న చోట గీతలు గీసి. దుబాయ్ బ్యాంకు ఇచ్చిన స్విఫ్ట్ మెసేజ్ కాపీ. నా ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు జూలై స్టేట్‌మెంట్. నా పాస్‌పోర్టు, రెసిడెన్స్ వీసా కాపీలు. అమ్మ పాస్‌బుక్ మొదటి పేజీ, ఆధార్, పాన్ జిరాక్స్. అమ్మ అర్జీ, ఒక పేజీ.