నాన్నకి, బాటిల్‌తో పాటు

నాన్నా,

పుట్టినరోజు శుభాకాంక్షలు. 18న 62 నిండుతాయి, 31న సాయంత్రం రిటైర్మెంటు. గవర్నమెంటు రూలు పుణ్యమా అని రెండూ ఒకే నెలలో పడ్డాయి, నాకు ఒక గిఫ్టు ఖర్చు తగ్గింది, ఆ డబ్బులు కూడా ఇందులోనే పెట్టాను. ఎంతయిందని అడగొద్దు, డబ్బా మీద ధర గీకేసింది నేనే.

డబ్బా తెరవగానే అమ్మ ఎక్కడుందా అని వెనక్కి చూస్తావని తెలుసు. చూడక్కర్లేదు, అమ్మకి చెప్పే కొన్నాను. "కూతురు తండ్రికి మందు కొనిపెట్టడం ఏందే, ఎవరన్నా వింటే నవ్విపోతారు" అని ఒక పూటంతా సణిగి, తర్వాత తనే "మోటారు రూములో దాచుకుని తాగేదానికన్నా ఇదే మేలులే" అంది. అవును నాన్నా, మోటారు రూము సంగతి అమ్మకి ఎప్పట్నుంచో తెలుసు. నాకూ తెలుసు. తమ్ముడికి నాకన్నా ముందే తెలుసు.

ఇది అమృత్ ఫ్యూజన్, మన పక్క బెంగళూరులో తయారయ్యే సింగిల్ మాల్ట్. ముందు స్కాచ్ కొందామనే వెళ్ళాను, నీ ఫ్రెండ్స్ ముందు పెట్టుకోడానికి ఆ పేర్లయితే బావుంటాయి కూడా. కానీ దీని గురించి చదివేకొద్దీ ఇది నీకే అనిపించింది. నువ్వు మామూలుగా తాగే వాటిల్లో చాలావరకు చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టే ఉంటుంది, ఇది మొత్తం బార్లీ. మన దేశం బార్లీ కొంత, స్కాట్లాండ్‌లో పీట్ అనే ఒకరకం మట్టిని కాల్చి ఆ పొగ పట్టించిన బార్లీ కొంత. విడివిడిగా కాచి తర్వాత కలుపుతారు. అందుకే మూత తియ్యగానే కాస్త పొగ వాసన వస్తుంది, పాడైపోయిందనుకుని నాకు ఫోన్ చెయ్యొద్దు.

ఇంకోటి, ఇది నీకు కచ్చితంగా నచ్చే పాయింటు. పీపాల్లో నిలవ ఉంచినప్పుడు స్కాట్లాండ్‌లో ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతే, బెంగళూరు వేడికి 10 శాతం పైనే పోతుందంట. రిజర్వాయర్ లెక్కల్లో ఆవిరి నష్టం కాలమ్ దగ్గర నువ్వు తల పట్టుకునేవాడివి కదా, అక్కడ వాళ్ళ తిప్పలూ అవే. కాకపోతే ఆ వేడికే తొందరగా పక్వానికి వస్తుంది కాబట్టి ఏళ్ళకేళ్ళు ఆగే పని లేదు. 2004లో దీని కంపెనీ వాళ్ళు తమ మొదటి సింగిల్ మాల్ట్‌ని తీసుకెళ్ళి గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారంట, ఆ ధైర్యం చూడు!

ఎలా తాగాలో కూడా చెప్తాను, వినక తప్పదు. సోడా వద్దు, థమ్స్ అప్ అసలే వద్దు. నీ పాత బ్రాండ్లు 42.8 శాతం, ఇది 50, కాబట్టి 30 ఎంఎల్ పోసుకుని ఒక టీస్పూన్ నీళ్ళు కలుపు. నీళ్ళు వదలడంలో నీ సర్వీసు మొత్తం మర్చిపో, చివరి ఆయకట్టు రైతులెవరూ ఫోన్ చెయ్యరు. చేపల పులుసుతో వద్దు, ఆ చింతపండు, మామిడికాయ పులుపు ముందు ఏ మాల్టూ ఆగదు. రొయ్యల వేపుడయితే సరే, అమ్మని మంచిగా అడుగు.

2021 నవంబర్ వరదలప్పుడు నువ్వు సోమశిల డ్యామ్ దగ్గరే ఉండిపోయావు, పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిందని టీవీలో చూసి మేమిక్కడ టెన్షన్‌తో చస్తుంటే నీ ఫోన్ కలవలేదు. తర్వాత ఇంటికొచ్చి, తలారా స్నానం చేసి, మోటారు రూములో నిలబడే ఒక గ్లాసు గటగటా తాగి, అన్నం కూడా తినకుండా పడుకున్నావు. నేను కిటికీలోంచి చూశాను. నాకు తెలిసి నువ్వెప్పుడూ అలాగే తాగావు, అలసట పోవడానికి, ఎవరూ చూడకముందే అయిపోవాలని. ఇది అలా తాగేది కాదు. వరండాలో కుర్చీ వేసుకుని, లైటు వేసుకుని, వీధిలో వాళ్ళు చూస్తే చూడనీ, గంటసేపు ఒక్క గ్లాసు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు, 31 తర్వాత గేట్లు ఎత్తేది వేరేవాళ్ళు.

బీపీ మాత్రల సంగతి డాక్టర్ని అడిగాకే మూత తియ్యి. ఆయన వద్దంటే బాటిల్ షోకేసులో ఉంటుంది, నేనేం బాధపడను, అమ్మ మాత్రం పండగ చేసుకుంటుంది.

సన్మానం రోజుకి నేనొస్తున్నాను. నేనొచ్చేదాకా ఆగు, మొదటి గ్లాసు నేనే పోస్తా. ఆఫీసు బ్యాచ్‌ ఇంటికొస్తే మాత్రం దీన్ని బయటికి తియ్యొద్దు, వాళ్ళు ఇందులో సోడా కలిపేస్తారు. వాళ్ళకి వేరేది తెప్పించు.

నీ పాప