ఆర్టికల్స్ గురించి మాస్టారికి ఒక ఉత్తరం

గుంటూరు,
ఆదివారం

మాస్టారు గారికి నమస్కారాలు.

శుక్రవారం మీరు దిద్ది ఇచ్చిన రిఫరల్ లెటరు చూశాను. ఎర్ర గీతల్లో సగానికి పైగా ‘ఎ’, ‘ది’ అనే ఇంగ్లిషు ఆర్టికల్స్ కిందే ఉన్నాయి. క్లాసులో అడిగితే మిగతావారికి ఆలస్యమవుతుందని ఇలా రాస్తున్నాను.

వార్డులో కేసు షీటు రాసేటప్పుడు మాకు వీటితో పనే లేదు. ‘పేషంట్ స్టేబుల్, డ్రెస్సింగ్ చేంజ్‌డ్’ అంటే డాక్టరుకూ, తర్వాతి షిఫ్టు సిస్టరుకూ అన్నీ తెలిసిపోతాయి. మేం రాయబోయే ఇంగ్లిషు పరీక్ష ఓఈటీలో ఇచ్చే కేసు నోట్సూ అలాగే ఉంటాయి. వాటిని ఉత్తరంగా మార్చమన్నప్పుడే చిక్కు. ప్రతి నామవాచకం ముందూ ఆగి ఆలోచిస్తుంటే ఉన్న 45 నిమిషాలూ అక్కడే హరించుకుపోతున్నాయి.

మొదటిసారి చెప్పేదానికి ‘ఎ’, ఇద్దరికీ తెలిసినదానికి ‘ది’ అన్నారు. బాగానే ఉంది. జబ్బుల దగ్గరకు వచ్చేసరికి ఈ సూత్రం ఏమైపోతోంది? తలనొప్పికి ‘ఎ హెడేక్’. జలుబుకు ‘ఎ కోల్డ్’. ఫ్లూకేమో ‘ది ఫ్లూ’. న్యుమోనియాకు, ఆస్తమాకు ఏమీ అక్కర్లేదు. లెక్కపెట్టగలిగినవాటికే ‘ఎ’ అంటారా? రెండుసార్లు న్యుమోనియా వచ్చినవాళ్లకు నేనే సెలైన్ పెట్టాను.

హాస్పిటల్ సంగతి మాత్రం నాకు నచ్చింది. బ్రిటిష్ ఇంగ్లిషులో మంచం మీద ఉన్న పేషంటు ‘ఇన్ హాస్పిటల్’, చూడటానికి వచ్చిన తమ్ముడు ‘ఇన్ ది హాస్పిటల్’. చికిత్స కోసం ఉన్నవారికి ‘ది’ తీసేస్తారు. ఇందులో ఒక న్యాయం కనిపిస్తోంది. మరి అదే పేషంటు చికిత్స కోసమే పళ్ల డాక్టరు దగ్గరకు వెళితే ‘టు ది డెంటిస్ట్’ ఎందుకయింది? అమెరికావాళ్లయితే పేషంటుకు కూడా ‘ది’ పెడతారట. ఇక ‘ఇన్ ది మార్నింగ్’ అని, రాత్రికి వట్టి ‘ఎట్ నైట్’తో సరిపెట్టారు. నైట్ డ్యూటీ వాళ్లంటే ఇంగ్లిషుకు కూడా చులకనే!

అన్నిటికీ కారణం ఉంటుందనుకుని వెతుకుతున్నాను. లేనిచోట దొరక్కపోయేసరికి, ఉన్నచోట కూడా నమ్మకం కుదరడం లేదు. అందుకే ఒక మనవి. ఇకపై అర్థాన్ని బట్టి వచ్చే ఆర్టికల్స్‌ను ఎర్ర సిరాతోనే దిద్దండి. కేవలం వాడుకగా వచ్చేవాటిని నీలం సిరాతో గుర్తు పెట్టండి. నీలం వాటిని మందుల పేర్లు బట్టీ పట్టినట్లు పట్టేస్తాను, ఎందుకని అడగను.

కొత్త లెటరు జతచేశాను. మూడో పేరాలో ‘ది వూండ్’ అని రాశాను. గాయం గురించి అంతకుముందు చెప్పలేదు. కానీ ఆపరేషన్ అయిందని పైన రాశాను కాబట్టి, చదివేవారికి గాయం ఉన్నట్లు తెలిసినట్లే కదా అని ‘ది’ పెట్టాను. ఇది ఏ సిరా కిందికి వస్తుందో చూడండి.

బుధవారం నాకు నైట్ డ్యూటీ ఉంది, క్లాసుకు రాలేను. శుక్రవారం కలుస్తాను.

మీ విద్యార్థిని,
సునీత